కనిపించే ఫీజు, కనిపించని కోత

విజయవాడలో ఉండి అమెరికా క్లయింటుకు వెబ్‌సైటు డిజైన్ చేసి ఇచ్చే ఫ్రీలాన్సర్‌ను ఊహించుకోండి. బిల్లు 500 డాలర్లు. బ్యాంకులో పడింది రూ.37,102.50. ఆ రోజు మార్కెట్‌లో డాలరు రూ.85 అనుకుంటే, 500 డాలర్ల విలువ రూ.42,500. తేడా రూ.5,397.50. అది ఎక్కడికి పోయింది?

మొదటి కోత అందరికీ తెలిసిందే. ప్లాట్‌ఫామ్ తన ఫీజుగా 10 శాతం, అంటే 50 డాలర్లు తీసుకుంది. రూపాయల్లో రూ.4,250. ఇది స్టేట్‌మెంట్‌లో విడిగా ఒక వరుసగా కనిపిస్తుంది. మిగిలినవి 450 డాలర్లు.

రెండో కోత ఏ వరుసలోనూ ఉండదు. దాన్ని మీరే లెక్కకట్టాలి. బ్యాంకులో పడిన మొత్తాన్ని 450తో భాగించండి. రూ.82.45 వస్తుంది. మార్కెట్ రేటు కంటే డాలరుకు రూ.2.55 తక్కువ. 450 డాలర్ల మీద అది రూ.1,147.50. 'మార్పిడి ఛార్జీ లేదు' అని రాసి ఉన్నా, రేటు తగ్గించి తీసుకుంటే ఛార్జీ తీసుకున్నట్టే. పోల్చుకోవడానికి ఎఫ్‌బీఐఎల్ సంస్థ పనిదినాల్లో ప్రకటించే రిఫరెన్స్ రేటు ఉంది. మార్పిడి జరిగిన రోజు రేటునే చూడాలి, బిల్లు పంపిన రోజుది కాదు. మధ్యలో రూపాయి విలువ మారితే ఆ తేడాను కోతగా పొరబడతాం.

మరో జాగ్రత్త. మీ పుస్తకాల్లో ఆదాయంగా రాయాల్సింది 500 డాలర్ల విలువ. ఫీజు ఖర్చు కింద వస్తుంది. బ్యాంకులో పడినదాన్నే ఆదాయమనుకుంటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితికి ఎంత దగ్గరగా ఉన్నారో తప్పుగా అంచనా వేస్తారు.

మార్పిడికి డబ్బు తీసుకోవడమే తప్పని నేననను. సంస్థకు ఖర్చులుంటాయి, రేటు మారే రిస్కూ ఉంటుంది. రిఫరెన్స్ రేటు చిన్న మొత్తాలకు యథాతథంగా దొరకదు కూడా. కానీ ధర చెప్పకుండా తీసుకుంటే రెండు ప్లాట్‌ఫామ్‌లను పోల్చే అవకాశమే ఉండదు. ఫీజు తక్కువని ప్రకటించి, రేటులో రాబట్టుకునే సంస్థే పోటీలో నెగ్గుతుంది.

ఆన్‌లైన్ ఎగుమతి, దిగుమతుల చెల్లింపులు నడిపే సంస్థలను రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబరులో పేమెంట్ అగ్రిగేటర్ - క్రాస్ బోర్డర్ పేరిట తన నియంత్రణలోకి తెచ్చింది. నియంత్రణ ఉన్నప్పుడు ఇంకొక్క నిబంధన అడగడం అత్యాశ కాదు: 'డబ్బు తీసుకో' బటన్ నొక్కేముందే మార్కెట్ రేటు, ఇస్తున్న రేటు, రెంటి మధ్య తేడా మొత్తం రూపాయల్లో పక్కపక్కనే చూపించాలి. పై ఉదాహరణలో ఆ ఫ్రీలాన్సర్‌కు రూ.1,147.50 అన్న అంకె ముందే కనిపించి ఉంటే, ఒప్పుకోవాలో వేరే దారి చూసుకోవాలో తానే తేల్చుకునేది.