ఫొటోలోని ఓఎంఆర్‌కు మార్కులెన్ని?

నీట్ ఓఎంఆర్ ఫొటో చేతికి రాగానే పిల్లలు ముందు ఒప్పులు లెక్కపెడతారు. నా మాట వినండి, ఖాళీలతో మొదలుపెట్టండి. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి, వదిలేసినదానికి సున్నా. 180 ప్రశ్నల్లో 15 ఖాళీలు, 128 ఒప్పులు ఉంటే తప్పులు 37. 512లోంచి 37 పోతే 475. ఖాళీలనూ తప్పుల్లో కలిపేస్తే 460కి పడిపోయి ఇల్లంతా అనవసరంగా దిగాలుపడుతుంది. ఒప్పును తప్పుగా చదివితే ఒక్క బబుల్‌కే అయిదు మార్కుల తేడా. రెండు బబుళ్లు దిద్దినది ఖాళీ కాదు, తప్పే. నీడపడి మసకగా ఉన్న వరుసను ఊహించకండి. ఎన్‌టీఏ ఇచ్చే రికార్డెడ్ రెస్పాన్స్‌తో పోల్చండి. కీ మీ బుక్‌లెట్ కోడ్‌దేనా అన్నది అన్నిటికంటే ముందు చూసుకోండి.