డాక్టరమ్మ సలహా: తినని కొలెస్ట్రాల్‌కి మాత్ర ఎందుకు?

ప్రశ్న: మావారికి 56 ఏళ్ళు. పోయినేడు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. అటోర్వాస్టాటిన్ 40 వాడుతున్నారు. 80కి పెంచితే తొడల నొప్పులతో మెట్లు ఎక్కలేకపోయారు, మళ్ళీ 40కే తగ్గించారు. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 92 ఉందని ఇప్పుడు ఎజెటిమైబ్ 10 కూడా రాశారు. ఇది పేగుల్లో కొలెస్ట్రాల్‌ని ఆపుతుందట. మేము నెయ్యి, గుడ్డు పచ్చసొన మానేసి ఏడాదైంది. తిననిదాన్ని ఆపే మాత్ర ఎందుకండీ?
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: మంచి ప్రశ్న అడిగారమ్మా. పేగుల్లోకి వచ్చే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు. కాలేయం తయారుచేసే పైత్యరసంతో పాటు వచ్చి పడేదే ఎక్కువ. అందులో సగం దాకా చిన్నపేగు మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. పేగు గోడలో అందుకోసం ఒక ద్వారం లాంటిది ఉంది. ఎజెటిమైబ్ ఆ తలుపు మూస్తుంది. పీల్చుకోవడం సుమారు సగానికి పడిపోతుంది.

అప్పుడు కాలేయానికి సరుకు తక్కువై, రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. కానీ కాలేయం ఊరుకోదు, సొంతంగా మరికాస్త తయారు చేయబోతుంది. ఆ తయారీని అడ్డేది స్టాటిన్. అందుకే ఈ రెండూ జోడీగా బాగా పనిచేస్తాయి.

మీవారి లెక్కే చూద్దాం. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే తగ్గుతుంది. అంటే 92 కాస్తా 86 అవుతుంది, పైగా నొప్పులు. ఎజెటిమైబ్ కలిపితే 20 నుంచి 25 శాతం తగ్గి, 70 దరిదాపులకు వస్తుంది. గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్ 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి. తట్టుకోగలిగినంత స్టాటిన్ ఇచ్చినా అది దిగనప్పుడే దీన్ని కలుపుతారు.

లాభం ఎంత? 2015లో వెలువడిన ఇంప్రూవ్-ఇట్ పరిశోధనలో, గుండె జబ్బుతో ఆసుపత్రి పాలైన 18 వేల మందిని గమనించారు. ఏడేళ్ళలో స్టాటిన్ ఒక్కటే వాడినవారిలో నూటికి 35 మందికి మళ్ళీ గుండె, రక్తనాళాల ముప్పు వచ్చింది. రెండూ వాడినవారిలో 33 మందికి. అద్భుతమేమీ కాదు, కానీ నిజమైన లాభమే.

రెండు పొరపాట్లు మాత్రం జరగనివ్వకండి. కొత్త మాత్ర వచ్చిందని పాత స్టాటిన్ మానేస్తారు కొందరు. ఇంకొందరికి రెండూ కలిసిన ఒకే మాత్ర రాస్తే, పాతదీ వేసుకుని స్టాటిన్ రెట్టింపు మింగుతారు. అట్టమీద పేర్లు చదివి చూసుకోండి.

మాత్ర ఉంది కదా అని నెయ్యి గిన్నె బయటికి తీయకండి. ఇది కొలెస్ట్రాల్‌ని ఆపుతుందే గాని నేతిలోని కొవ్వుని ఆపదు. ఆ కొవ్వు, కాలేయం ఎల్‌డీఎల్‌ని లాక్కోకుండా అడ్డుపడుతుంది.

మాత్ర తిండికి ముందైనా, తర్వాతైనా ఫర్వాలేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక రక్తపరీక్ష చేయించండి. 92 కదలకపోతే ముందు మాత్రలు రోజూ పడుతున్నాయో లేదో చూడండి. దిగినా 55 దాకా రాకపోతే తర్వాత ఏం చేయాలో మీ డాక్టరుగారు చెబుతారు. ఈలోగా తొడల నొప్పులు తిరగబెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా ఆ పరీక్షదాకా ఆగకుండా వెంటనే చూపించండి.