ఉత్తరం చదివితే వీడియో కాదు

రైతు సంఘాలు సభ్యులకు ఈమెయిలులో పంపే పొడవైన వారపు లేఖను కెమెరా ముందు యథాతథంగా చదివించడం వృథా ప్రయాస. 900 మాటల లేఖ చదవడానికి సుమారు 9 నిమిషాలు పడుతుంది. అడుగున ఉన్న బీమా గడువు వచ్చేసరికి వినేవారుండరు.

3 నిమిషాలకు 300 మాటలు చాలు. గడువు, ధర, ఈ వారం పని అనే మూడు శీర్షికలు ప్రతివారం అదే వరుసలో రావాలి. ధర మారకున్నా శీర్షికను ఎత్తివేయరాదు. "మార్పు లేదు" అని చెప్పాలి. లేకుంటే ధర మారలేదో, చెప్పడం మరిచారో రైతుకు తెలియదు. ధరల పట్టికను తెరపై చూపి, ముఖ్యమైన పంట ధర ఒక్కటే పలకాలి.

ముగింపు మాటా మారరాదు: "పూర్తి వివరాలు లేఖలో ఉన్నాయి. వచ్చే శనివారం కలుద్దాం." అందుకే లేఖను మాత్రం ఆపరాదు.