నీడకు నోరు లేదా?

శ్రీరామనవమి నాడు భద్రాచలం కల్యాణ వ్యాఖ్యానాన్ని మనం పూజలో భాగంగానే వింటాం. నిజానికి అదొక బహిరంగ ఉపన్యాసం. ఆకాశవాణిలో ఉషశ్రీ గొంతుతో ఇంటింటికీ చేరిన ఈ ప్రక్రియ ఇప్పుడు టీవీలోనూ సాగుతోంది. పండగ వంటల మధ్య చెవి ఒగ్గే ఆడవాళ్ళు దాని నికరమైన శ్రోతలు. అందుకే అది వాళ్ళకి ఏం చెబుతోందో పట్టించుకోవాలి.

మొదట, శ్రోతల్ని ఎక్కడ కూర్చోబెడుతుందో చూడండి. కల్యాణం జరిగే ఆవరణ పేరే మిథిలా స్టేడియం. అంటే అక్కడికెళ్ళిన వాళ్ళందరం ఆడపెళ్ళివారం. వ్యాఖ్యానం వర్తమాన కాలంలో నడుస్తుంది, పెళ్ళి ఇప్పుడే మన కళ్ళముందే జరుగుతున్నట్టు. పెళ్ళికొచ్చిన చుట్టాలు అక్షింతలు వేస్తారు గానీ, పెళ్ళికూతుర్ని ఏమనుకుంటున్నావని అడగరు కదా! భక్తి కన్నా ముందు ఈ మర్యాదే మన నోరు కట్టేస్తుంది.

ఇక అధికారం. ఇక్కడ మంగళసూత్రాలు మూడు: దశరథుడి తరఫున ఒకటి, జనకుడి తరఫున ఒకటి, రామదాసు చేయించినది ఒకటి. ఇద్దరు రాజులు, ఒక తహసీల్దారు. పట్టువస్త్రాలూ ముత్యాల తలంబ్రాలూ ప్రభుత్వం తెస్తుంది. శాస్త్రం, తండ్రి, సర్కారు ఒకే వేదిక మీద నిలబడ్డాక చెప్పే మాటకి వేరే రుజువు అక్కర్లేదు. స్థలపురాణం ప్రకారం ఆ కొండమీద విగ్రహాల్ని మొదట కనుగొని, పందిరి వేసి, తాటిపళ్ళు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ. కథలో ఆమెకి భక్తురాలి స్థానం దొరికింది. సూత్రాల్లో ఆమె పేరిట ఒకటీ లేదు.

అసలు బరువంతా మోసేది ఒక్క ఉపమానం. వాల్మీకి బాలకాండలో జనకుడు కూతుర్ని అప్పగిస్తూ, ఈమె నీకు ధర్మంలో తోడు, నీడలా నిన్ను వెన్నంటి ఉంటుంది అంటాడు. ఒకే మాటలో రెండు హామీలున్నాయి. తోడుకి సొంత అభిప్రాయం ఉండొచ్చు, నీడకి ఉండదు. నేను విన్న వ్యాఖ్యానాలన్నీ నీడ దగ్గరే ఆగి పరవశించాయి. తోడు అన్న మాటని వివరించేటప్పుడు కూడా దాన్ని నీడలోకే మలిచేశాయి.

ఆ నీడ మాట్లాడింది. అదీ దండకారణ్యంలోనే; ఈ భద్రాచలం అడవుల్నే దండకారణ్యమని ఇక్కడి పురాణం చెబుతుంది. అరణ్యకాండలో, మునులకిచ్చిన మాట కోసం రాముడు రాక్షసుల్ని చంపబోతుంటే సీత అడ్డుపడుతుంది. మనకి ఏ అపకారమూ చెయ్యని వనవాసుల్ని చంపడం తగదు, ఆయుధం చేతిలో ఉంటే మనసు మారిపోతుంది అని హెచ్చరిస్తుంది. రాముడు ఒప్పుకోడు, కానీ ఆమె మాటని తప్పని కొట్టిపారేయడు, తన ప్రతిజ్ఞని అడ్డం పెట్టుకుంటాడు. భార్య ధర్మం గురించి భర్తతో వాదించిన ఘట్టం ఇది. పర్ణశాలకి యాత్రికుల్ని తీసుకెళ్ళి సీత నారచీరలు ఆరేసిన బండలు చూపిస్తారు. ఆ అడవిలో ఆమె అన్న మాట మాత్రం ఎవరూ వినిపించరు.