మట్టి వదిలిన మొక్కకి మొదటి నెల

పోయిన వారం ఒక పాఠకురాలు ఫొటో పంపారు. గాజు జార్‌లో గోధుమ రంగు క్లే బాల్స్, వాటి మధ్య తలలు వాల్చేసిన పీస్ లిల్లీ. "మట్టిలోంచి మార్చి తొమ్మిది రోజులైంది. వాడిపోతోందని రోజూ నీళ్లు పోస్తున్నా. అయినా ఇంకా వాడిపోతోంది. మొదటి జీతంతో కొనుక్కున్న మొక్క అండీ, బతుకుతుందా?" అని అడిగారు. ఫొటో జూమ్ చేసి చూస్తే సంగతి అర్థమైంది. జార్‌లో నీళ్లు సగానికి పైనే ఉన్నాయి. వేర్లన్నీ నీళ్లలో మునిగి ఉన్నాయి.

బతికే అవకాశం ఉంది. కానీ ముందు ఆ నీళ్లు తీసేయాలి. "వాడిపోతుంటే నీళ్లు తీసేయడమేంటి?" అంటారా? ఈ పద్ధతి మొత్తంలో అర్థం చేసుకోవాల్సింది ఆ ఒక్క విషయమే.

క్లే బాల్స్ అంటే మట్టిని ఉండలు చేసి, తిరిగే బట్టీలో దాదాపు 1200 డిగ్రీల దగ్గర కాల్చినవి. ఆ వేడికి లోపల గాలి బుడగలు పుట్టి, బియ్యం మరమరాలైనట్టు మట్టి పొంగుతుంది. ఒకటి పగలగొట్టి చూడండి, లోపల తేనెపట్టులా కనిపిస్తుంది. కనిపించకపోతే మీకు అంటగట్టింది రంగు వేసిన డెకరేషన్ రాళ్లే. ఈ ఉండల్ని కుండీలో నింపి అడుగున కాసిని నీళ్లు ఉంచితే, దీపంలో ఒత్తి నూనెను పైకి లాక్కున్నట్టు ఇవి తేమను పైకి లాక్కుంటాయి. ఉండకీ ఉండకీ మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది. వేర్లకి తేమ, గాలి రెండూ కావాలి. సెమీ హైడ్రోపోనిక్స్ అంటే ఇంతే.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మట్టిలో పెరిగిన వేరు మట్టికి అలవాటు పడిన వేరు. మట్టి రేణువుల మధ్య గాలి పీల్చుకుంటూ, సన్నని నూగుతో తేమ వెతుక్కుంటూ బతికింది. నీళ్లలో ఆక్సిజన్ కదలడం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు నెమ్మది. అంటే పాత వేరుని నీళ్లలో ముంచేస్తే దానికి ఊపిరి ఆడదు, కుళ్లుతుంది. నీటి దగ్గర పుట్టే కొత్త వేర్లు అలా కాదు. వాటిలో లోపల గాలి దారులు ఏర్పడతాయి, ఆకుల వైపు నుంచి గాలి కిందికి దిగుతుంది. చూడ్డానికి తెల్లగా, కాస్త లావుగా ఉంటాయి. మొదటి నెలంతా పాత వేర్లు తప్పుకుంటూ, కొత్తవి వస్తూ ఉంటాయి. ఈ మధ్యకాలంలో మొక్కకి తాగే నోళ్లు తక్కువ. అందుకే వాడుతుంది. నీళ్లు లేక కాదు, నీళ్లు లాగే వేర్లు లేక. అప్పుడు ఇంకో గ్లాసు నీళ్లు పోస్తే మిగిలిన వేర్లు కూడా మునిగి పోతాయి.

ఇక్కడో మాట. మీ ఇంట్లో ఉన్నది మనీ ప్లాంటో, సింగోనియమో అయితే ఇంత యాతన అక్కర్లేదు. కణుపుతో ఒక ముక్క కత్తిరించి నీళ్ల సీసాలో పెట్టండి. రెండంగుళాల వేర్లు వచ్చాక క్లే బాల్స్‌లోకి మార్చండి. నీళ్లలో పుట్టిన వేరు కాబట్టి దానికి ఈ గొడవే ఉండదు. తల్లి మొక్క మట్టిలో క్షేమంగా ఉంటుంది. పీస్ లిల్లీకి తీగ ఉండదు, ముక్క కత్తిరించే వీలు లేదు. మొత్తం మొక్కనే మార్చాలి. కాబట్టి దాన్నే వివరంగా చూద్దాం.

కాలం ముందు. మన దగ్గర వానలు మొదలైనప్పటి నుంచి సెప్టెంబర్ దాకా మంచి సమయం. గాలిలో తేమ ఉంటుంది, మొక్క జోరుగా పెరుగుతూ ఉంటుంది. మే ఎండల్లో వద్దు. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ మరీ తగ్గిపోతుంది. డిసెంబర్ చలిలో కొత్త వేర్లు రావడం ఆలస్యం. అలాగే జబ్బుగా ఉన్న మొక్కని "క్లే బాల్స్‌లో వేస్తే కోలుకుంటుందేమో" అని మార్చకండి. ఆరోగ్యంగా ఉన్నదే ఈ మార్పు తట్టుకుంటుంది.

ముందు రోజే క్లే బాల్స్‌ని బకెట్‌లో వేసి, బియ్యం కడిగినట్టు నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఆ బురద నీళ్లు సింకులో పారబోయకండి, పైపులో పేరుకుంటుంది. తర్వాత రాత్రంతా నాననివ్వండి. పొడి ఉండలు వేస్తే అవే వేర్ల నుంచి తేమ పీల్చేస్తాయి.

మర్నాడు మొక్కని కుండీ లోంచి తీసి, మట్టి ముద్దతో సహా అరగంట నీళ్ల బకెట్‌లో ఉంచండి. తర్వాత వేళ్లతో మెల్లగా విడదీస్తూ కడగండి. పీస్ లిల్లీ వేర్లు చిక్కుపడ్డ జుట్టులా ఉంటాయి, మధ్యలో కోకోపీట్ ముద్ద ఒకటి దాక్కుని ఉంటుంది. నర్సరీ మొక్కల్లో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని వదిలేస్తే తడి స్పాంజిలా అక్కడే ఉండి చుట్టూ ఉన్న వేర్లని కుళ్లబెడుతుంది. నా లెక్కలో ఈ పని మొత్తంలో ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. నాలుగైదు సార్లు నీళ్లు మార్చి, ఇరవై నిమిషాలైనా కూర్చోండి. మెత్తబడిన వేర్లని స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో తీసేయండి. కడగడంలో సన్నని వేర్లు చాలా తెగుతాయి, తప్పదు. అందుకే అడుగున ఉన్న రెండు మూడు ముసలి ఆకులు, పువ్వులుంటే అవీ కత్తిరించేయండి. తాగే నోళ్లు తగ్గినప్పుడు ఆవిరి వదిలే ఆకులూ తగ్గాలి కదా.

ఐదంగుళాల నెట్ పాట్ తీసుకోండి. దొరక్కపోతే పక్కలా అడుగునా చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా చాలు. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు క్లే బాల్స్ పోసి, మొక్క పెట్టి, వేర్ల మధ్యకి దిగేలా చుట్టూ నింపి, కుండీని తట్టండి. ఆకులు మొదలయ్యే మొదలు భాగం ఉండల పైనే ఉండాలి. దీన్ని చిల్లుల్లేని జార్‌లో దించి, అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోయండి. అంటే నీటి మట్టానికీ వేర్ల చివరలకీ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీయే మొక్కని కాపాడేది. పాత వేర్లు తేమలో ఉంటాయి, నీళ్లలో కాదు. కొత్త వేర్లు కిందికి వెతుక్కుంటూ వచ్చి, వాటంతట అవే నీళ్లని అందుకుంటాయి.

మొదటి రెండు వారాలు పైన ఉండలు త్వరగా ఆరిపోతాయి. రెండు రోజులకోసారి నెట్ పాట్ బయటికి తీసి, సింకులో పైనుంచి ఒక మగ్గు నీళ్లు పోసి, కారిపోయాక మళ్లీ జార్‌లో పెట్టండి. వాడుతుంటే మొక్క మీద పలచటి పాలిథిన్ కవర్ తొడగండి, రోజుకోసారి పది నిమిషాలు తీయండి. వెలుతురు కావాలి కానీ ఎండ నేరుగా తగలకూడదు. ఎరువు అసలు వద్దు.

ఇప్పుడు అసలు భయం. ఇది మామూలు వాడుడా, కుళ్లుడా? అడుగున ఒకటి రెండు పాత ఆకులు పసుపెక్కడం మామూలే. పగలు వాలి, రాత్రికి కాస్త నిలబడుతుంటే కూడా కంగారు పడక్కర్లేదు. కొత్త ఆకు నల్లబడినా, మొదలు నొక్కితే మెత్తగా ఉన్నా అప్పుడు అనుమానించాలి. జార్‌లో నీళ్లు వాసన చూడండి. మురుగు వాసన వస్తే ఏదో కుళ్లుతున్నట్టే. మొక్క బయటికి తీసి వేరుని రెండు వేళ్లతో మెల్లగా లాగండి. పైపొర ఊడి వచ్చి దారంలాంటిది మిగిలితే అది చచ్చిన వేరు. గోధుమ రంగులో ఉన్నా గట్టిగా ఉంటే బతికున్నదే, రంగు చూసి కత్తిరించకండి.

మా పాఠకురాలికి చెప్పింది కూడా ఇదే. నీళ్లు పారబోసి, మొక్క తీసి, జారిపోయే వేర్లన్నీ తీసేసి, ఉండల్ని కడిగి, ఈసారి రెండు వేళ్ల నీళ్లతో మళ్లీ పెట్టి, కవర్ తొడగమన్నాను. మొదలు గట్టిగా ఉందట, రెండు కొత్త ఆకులు పచ్చగానే ఉన్నాయట. అంటే వేర్లు మళ్లీ పుట్టే చోటు బాగానే ఉంది. మొదలు కూడా మెత్తబడి ఉంటే మాత్రం ఆశ పెట్టుకోవద్దనే చెప్పేదాన్ని.

కొత్త వేర్లు ఎప్పుడొస్తాయంటే, వెచ్చటి రోజుల్లో మూడు నాలుగు వారాల్లో నెట్ పాట్ చిల్లుల్లోంచి తెల్లటి కొనలు తొంగి చూస్తాయి. చూడాలని రోజూ మొక్క పీకకండి, పీకిన ప్రతిసారీ ఆ లేత కొనలే విరుగుతాయి. అవి కనిపించాకే ఎరువు. ఉండల్లో పోషకాలు ఏమీ ఉండవు కాబట్టి ఎప్పటికీ నీళ్లతోనే సరిపెట్టలేం. హైడ్రోపోనిక్స్ కోసం అమ్మే రెండు సీసాల ఎరువు తీసుకుని, సీసా మీద రాసిన మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టండి. రెండు సీసాలనీ నేరుగా కలపకండి, ఒక్కోటి విడిగా నీళ్లలో వేయాలి. కుండీ మొక్కలకి వాడే 19:19:19 పొడి ఇక్కడ సరిపోదు. అందులో నత్రజని చాలా భాగం యూరియా రూపంలో ఉంటుంది, దాన్ని మొక్క వాడుకునేలా మార్చే మట్టి సూక్ష్మజీవులు ఇక్కడ తక్కువ. పైగా కాల్షియం ఉండదు.

వారానికోసారి జార్‌లో నీళ్లు పూర్తిగా పారబోసి, జార్‌ని రుద్ది కడిగి, కొత్త నీళ్లు పోయండి. ఇది మొక్క కోసమే కాదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలా నిలిచిన మంచి నీళ్లలోనే, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మున్సిపాలిటీ వాళ్లు శుక్రవారం డ్రైడే అంటారు చూడండి, అదే రోజు పెట్టుకుంటే మర్చిపోరు. గాజు జార్ లోపల పచ్చటి నాచు పడుతుంటే వెలుతురు తగలకుండా బయట కాగితం చుట్టండి.

బోరు నీళ్లు వాడేవాళ్లకి రెండు మూడు నెలల్లో పైన ఉండల మీద తెల్లటి పొర కనిపిస్తుంది. బూజేమో అనుకుంటారు, కాదు. నీళ్లు ఆవిరై మిగిలిన ఉప్పు. నెలకోసారి నెట్ పాట్‌ని కుళాయి కింద పెట్టి రెండు నిమిషాలు పైనుంచి నీళ్లు పారనిస్తే చాలావరకు పోతుంది. అప్పటికీ పోకపోతే పైన ఉన్న ఒక పొర ఉండల్ని మాత్రం తీసి, కడిగి నానబెట్టిన కొత్తవి వేయండి.