చెవి అలవాటు పడదు, అలసిపోతుంది

పాటలకు మిక్సింగ్ చేసే యువకులు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది: "మొదట శబ్దం ఎక్కువనిపిస్తుంది డాక్టరు గారూ, అరగంటలో చెవి అలవాటు పడిపోతుంది." ఈ మాటను నేను పూర్తిగా ఖండిస్తున్నాను. వారు అలవాటు అంటున్నదానికి వైద్యశాస్త్రంలో పేరు తాత్కాలిక వినికిడి లోపం.

లోపలి చెవిలోని రోమకణాలు ధ్వనిని గ్రహిస్తాయి. ఎడతెగని పెద్ద శబ్దానికి అవి అలసి, వాటి స్పందన తగ్గుతుంది. ఈ తగ్గుదల అన్ని ధ్వనులకూ సమానం కాదు. 3000 నుండి 6000 హెర్ట్జ్ మధ్య ముందుగా కనిపిస్తుంది. గాత్రంలోని హల్లుల స్పష్టతకు ఆ ప్రాంతం ఎంతో అవసరం.

ఒక రాత్రిని ఊహించండి. 10 గంటలకు 80 డెసిబెల్స్ వద్ద పని మొదలైంది. 12 గంటలకు గాత్రం మసకబారినట్లు తోచింది, ట్రెబుల్ పెంచారు. అదీ చాలక వాల్యూమ్ పెంచారు. ఒంటిగంటకు మీటరు 94 చూపుతోంది. ఉదయం వింటే అదే పాటలో సకారాలు చెవిని గుచ్చుతున్నాయి. రాత్రి మసకబారింది గాత్రం కాదు, వినేవాని చెవి.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన పరిమితి 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగమవుతుంది. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2, 94 వద్ద ఒక్క గంట. ఒంటిగంట నుండి నాలుగింటి వరకు 94 వద్ద కూర్చున్నవాడు మూడు రోజుల శబ్దాన్ని మూడు గంటల్లో భరించినట్లే.

"తక్కువ శబ్దంలో బేస్ తెలియదు కదా" అంటారు. కొంతవరకు నిజమే. తక్కువ స్థాయిలో మన చెవికి మంద్రధ్వనులు పలుచగానే వినిపిస్తాయి. అందుకు రెండు నిమిషాలు వాల్యూమ్ పెంచి, బేస్ సరిచూసుకొని, తిరిగి తగ్గిస్తే చాలును. రాత్రంతా పెంచి ఉంచడానికి అది కారణం కాజాలదు.

గొంతు పెంచకుండా పక్కవారితో మాట్లాడగలిగే స్థాయి, సుమారు 75 డెసిబెల్స్, ఎక్కడ వస్తుందో మీటరుతో కొలిచి, వాల్యూమ్ నాబ్‌పై గుర్తు పెట్టండి. గాత్రం మసకబారిందనిపిస్తే నాబ్‌ను ముట్టక బయటికి నడవండి. గంటకొకసారి పది నిమిషాలు నిశ్శబ్దంలో గడపండి. ఆ విరామంలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అది విరామమే కాదు. పెద్ద శబ్దంలో గడిపిన రాత్రికి పది నిమిషాలు చాలవు. ట్రెబుల్‌పై తుది నిర్ణయం ఉదయానికి వదలండి.

పని ముగిశాక చెవిలో హోరు, దిబ్బడ ఉంటే పరిమితి దాటినట్లే. తెల్లవారేసరికి తగ్గితే హాని జరగలేదని భావించకండి. ఇది పదేపదే జరిగితే వినికిడి పరీక్షలో 4000 హెర్ట్జ్ వద్ద శాశ్వతమైన పల్లం కనిపిస్తుంది. నశించిన రోమకణాలను తిరిగి మొలిపించే మందు నేటికీ మా వైద్యుల వద్ద లేదు. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే మాత్రం ఉదయం వరకు ఆగక, ఆ రోజే చెవి వైద్యుని చూడాలి.