స్కోప్ నిలువును తూకం గుండుతో తేల్చండి

సండూరు తాలూకా యశ్వంతనగర్‌లోనూ, బళ్లారి చుట్టుపక్కలా ఎయిర్ రైఫిల్‌తో కాగితం గురి మీద సాధన చేసే తోటి తెలుగువారికి, వారికి స్కోపులు బిగించి ఇచ్చే దుకాణదారులకు విజ్ఞప్తి.

స్కోప్‌ను కంటి అంచనాతో బిగించడం, 10 మీటర్ల దగ్గర నాలుగు పెల్లెట్లు కొట్టి చూసి చేతికిచ్చేయడం ఇక మానాలి. రైఫిల్ కాస్త పక్కకు ఒరిగిందన్న సంగతి 10 మీటర్ల దగ్గర బయటపడదు. సెకనుకు 240 మీటర్ల వేగంతో బయల్దేరిన 0.177 పెల్లెట్ అక్కడికి చేరేలోపు ఒక సెంటీమీటరు లోపే కిందికి జారుతుంది. 50 మీటర్లకు వెళ్లేసరికి ఆ జారుడు దాదాపు 30 సెంటీమీటర్లు. అందుకే గొట్టాన్ని గురికంటే అంత పైకి ఎత్తిపెట్టి కొడతాం. రైఫిల్ 3 డిగ్రీలు కుడికి ఒరిగితే ఆ ఎత్తు కూడా కుడికి ఒరుగుతుంది. 10 మీటర్ల దగ్గర తేడా అర మిల్లీమీటరు, 50 మీటర్ల దగ్గర సుమారు 16 మిల్లీమీటర్లు. కొట్టినవాడు గాలి లాగిందనుకుని స్కోప్ పక్కమర తిప్పుతాడు. ఆ దూరానికి సరిపోతుంది, దూరం మారగానే మళ్లీ తప్పుతుంది. దూరం పెరిగేకొద్దీ పెల్లెట్లు ఒకే పక్కకు జరుగుతున్నాయంటే గాలికంటే ముందు ఒరుగును అనుమానించండి.

ఈ ఒరుగు చాలాసార్లు రింగుల ఎత్తుతోనే మొదలవుతుంది. 40 మిల్లీమీటర్ల అద్దమున్న స్కోప్ ముందుభాగం బయటి కొలత 50 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అందులో సగం 25. గొట్టానికీ దానికీ మధ్య 2, 3 మిల్లీమీటర్ల సందు మిగిలితే చాలు. అంతకుమించి ఎత్తు రింగులు వేస్తే చెంప కట్టె మీద ఆనదు, మెడ సాగుతుంది. అప్పుడు కంటిని స్కోప్ దగ్గరికి తేలేక రైఫిల్‌నే ముఖం వైపు వంచుతాం. పరీక్ష తేలిక: కళ్లు మూసుకుని చెంప ఆనించండి, తెరవండి. తల కదపకుండానే నిండు వలయం కనిపించాలి. కనిపించకపోతే రింగులు మార్చండి, లేదా కట్టెకు తోలు మెత్త కట్టించండి.

ఇక నిలువు సంగతి. స్కోప్ టోపీ మీద రసమట్టం పెట్టి చూడటం చాలదు, ఆ టోపీ లోపలి గీతకు సరిగ్గా మట్టంగా ఉంటుందన్న నమ్మకం లేదు. గొట్టం ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, 5 మీటర్ల దూరంలో అద్దం పెట్టండి. స్కోప్‌లోంచి చూస్తే అద్దంలో మీ స్కోపూ, దాని కింద గొట్టం మూతీ కనిపిస్తాయి. అడ్డగీత, నిలువు గీత కలిసే చోటును స్కోప్ ముందద్దం నడిమికి పెట్టండి. నిలువు గీత గొట్టం నడిమిలోంచి దిగాలి. దిగకపోతే రింగుల మరలు వదులు చేసి స్కోప్‌ను తిప్పండి. మరలు బిగించేటప్పుడు ఒక పక్కవే ముందు బిగిస్తే స్కోప్ తిరిగిపోతుంది. ఎదురెదురు మరలను కొద్దికొద్దిగా బిగిస్తూ, రెండు పక్కలా సందు సమానంగా ఉంచి, అద్దంలో మళ్లీ చూడండి.

ఆ తర్వాత మేస్త్రులు గోడ నిలువు చూసే తూకం గుండును 15 మీటర్ల దూరంలో వేలాడదీయండి. గుండును బకెట్ నీళ్లలో ముంచితే దారం ఊగదు. నిలువు గీతను దారానికి కలిపి రైఫిల్‌ను కదలకుండా పట్టించి, స్కోప్ గొట్టానికి చిన్న రసమట్టం బిగించండి. బుడగ నడిమికి రావాలి. ఇప్పుడు ఎత్తుమర తిప్పుతూ పోతే గీతలు కలిసే చోటు దారం వెంటే నడవాలి. పక్కకు తప్పుకుంటే ఆ స్కోప్ లోపలే తేడా ఉంది, వాపసు ఇవ్వండి.

మైదానంలో ఉన్నవారికంటే మనకు ఈ రసమట్టం అవసరం ఎక్కువ. సండూరు కొండల ఏటవాలు ముందు నిలబడితే కన్ను ఆ వాలునే మట్టమని నమ్మి, రైఫిల్‌ను దానికి తగ్గట్టు వంచేస్తుంది. కావాలనే రైఫిల్‌ను కొంచెం వంచి పట్టే పోటీ షూటర్లూ ఉన్నారు. వాళ్లు ఒకే దూరానికి, ప్రతిసారీ ఒకే కోణంలో పట్టుకుంటారు కాబట్టి నష్టపోరు. దూరాలు మార్చి కొట్టే మనకు ఆ పద్ధతి పనికిరాదు.

అందుకే దుకాణదారులను అడుగుతున్నాం: అద్దం పరీక్ష, దారం పరీక్ష కొన్నవాడి కళ్లముందు చేసి చూపించాకే రైఫిల్ అప్పగించండి. సాధన చేసే ప్రతిచోటా ఒక తూకం గుండు శాశ్వతంగా వేలాడదీయండి. స్కోప్ కొనేవారు ఈ రెండు పరీక్షలూ చూడకుండా డబ్బు చెల్లించకండి.